వరహాలరావు బండికి బోనస్సు

ఆ రోజు అర్ధరాత్రి పన్నెండు కొట్టేసరికి వరహాలరావు వ్యానుకి ఇన్సూరెన్సు అయిపోతుంది. ఆ సంగతి పాడేరులో ఇద్దరికే తెలుసు. ఒకడు వరహాలరావు. రెండోవాడు ఆ వ్యాను తోలే భీముడు.

పొద్దున్నే ఇంటిముందు పళ్ళు తోముకుంటూ వరహాలరావు భీముడి చేతిలో ఒక కవరు పెట్టాడు.

"ఒరే భీముడూ, బస్సెక్కి అనకాపల్లి ఎల్లు. సత్రం వీధిలో మేడమీద ఇన్సూరెన్సు ఆఫీసుంది. మన ఆఫీసు కాదు, ఇంకో కంపెనీది. ఈ కాయితాలిచ్చి, డబ్బు కట్టి, సర్టిఫికెట్టు పట్టుకుని రా. బేగి ఎల్లి బేగి రా. రేపు సంతకి బండి తియ్యాల."

"తమరే ఎల్లొచ్చు కద బావూ? తమరికి తెలిసిన పని."

"నాను అక్కడికెల్తే మా ఆఫీసోళ్ళు సూడరేట్రా? మా కంపెనీ ఏజెంటు, సొంత బండికి ఇంకో కంపెనీ పాలసీ తీసుకుంతన్నాడని పరువు తీసెయ్యరూ! నువ్వు డ్రైవరువి. నిన్నెవడు సూస్తాడు."

నిజమే. భీముణ్ణి ఎవడూ చూడడు. రెండేళ్ళ క్రితం చూసేవారు.

రెండేళ్ళ క్రితం భీముడికి సొంత జీపు ఉండేది. బ్యాంకు లోను మీద కొన్నాడు. పాడేరు నుంచి చుట్టుపక్కల గూడేలకీ సంతలకీ మనుషుల్నీ పిప్పళ్ళ బస్తాల్నీ తిప్పేవాడు. చేతికి గడియారం కట్టుకునేవాడు. ఏజెన్సీ కొండల్లో జీపులవాళ్ళందరికీ ఇన్సూరెన్సు చేయించేది చోడవరం వైపు నుంచి వచ్చిన వరహాలరావే. డబ్బు తీసుకుని పచ్చ చీటీ మీద లెక్క రాసి ఇచ్చేవాడు. నాలుగు రోజుల్లో సర్టిఫికెట్టు తెచ్చేవాడు. అసలు పాలసీ బ్యాంకులో ఉండేది. అప్పు తీరేదాకా వాళ్ళ దగ్గరే ఉండాలి కదా. భీముడు పచ్చ చీటీనే పాలసీ అనుకున్నాడు. ఆ చీటీలో "వరద కవరు డెబ్భై, టాక్సు యాభై రెండు" అని రాసి ఉండేది.

శ్రావణంలో ఒక సాయంత్రం గెడ్డ పొంగింది. వాగు దాటబోయిన జీపు మధ్యలో ఆగిపోయింది. భీముడు ప్రయాణికులందర్నీ దింపి ఒడ్డుకు చేర్చి, తిరిగి బండి కోసం వెళ్ళేలోపు నీళ్ళు దాన్ని ఆటవస్తువులా పక్కకి దొర్లించి పట్టుకుపోయాయి. మూడో రోజు రెండు మైళ్ళ దిగువన రాళ్ళమధ్య చట్రం దొరికింది. డాష్‌బోర్డు గూట్లో పెట్టుకున్న పచ్చ చీటీ దొరకలేదు.

క్లెయిము వేశారు. కంపెనీ ఒక్క వాక్యంలో తిప్పికొట్టింది. ఈ పాలసీలో వరదనష్టానికి అదనపు ప్రీమియం కట్టలేదు. భీముడు బ్యాంకుకి పరిగెత్తి పాలసీ చూపించమన్నాడు. మేనేజరు వేలు పెట్టి చూపించాడు. వరద అన్న మాట ఎక్కడా లేదు.

"నాను డెబ్భై రూపాయలిచ్చినాను బావూ. సీటీలో రాసినారు తమరు" అని వరహాలరావుని అడిగాడు.

"ఏ సీటీ? సూపించు."

చీటీ లేదు.

"పాపం, జాలేస్తంది నీ మీద. జీతానికి నా వ్యాను తోలు. నెలనెలా బ్యాంకు వాయిదా నానే కట్టీసి, మిగిలింది నీకిస్తాను" అన్నాడు వరహాలరావు, పదిమంది వింటుండగా.

భీముడు ఒప్పుకున్నాడు. అందరూ వరహాలరావుని మంచివాడన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా భీముడు నోట్లో ఉమ్ము మింగేవాడు. తన జీపు మింగినవాడి వ్యాను రోజూ తుడిచాడు, గాలి పెట్టాడు, ఆయిలు మార్చాడు. ఏదో ఒక రోజు వీడు తన చేతికి దొరక్కపోతాడా అన్న ఒక్క ఆలోచన మీద రెండేళ్ళు తిండి తిన్నాడు.

బస్సు ఘాటు రోడ్డు దిగుతుండగా భీముడు కవరు తీసి చూశాడు. వరహాలరావు అనుకున్నట్టు భీముడు చదువురానివాడు కాదు. ఆశ్రమ పాఠశాలలో అయిదు దాకా చదివాడు. కవర్లో పాత పాలసీ, దరఖాస్తు, వరహాలరావు సంతకం పెట్టిన ఒక వాంగ్మూలం, వెయ్యీ ఎనభై రూపాయలు, ఆయన చేతిరాతతో ఒక లెక్క ఉన్నాయి. ఆ లెక్కలో "బోనస్సు తగ్గింపు" అని ఒక గీత. "వరద" అని ఒక గీత. టాక్సు మాత్రం ఎక్కడా లేదు.

భీముడు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. వెనక కూడా లేదు.

సత్రం వీధి మేడమీద కౌంటరు దగ్గర గంగాభవాని అనే గుమాస్తా కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. లెక్క రాసేటప్పుడు నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకునే అలవాటు.

"మీ బండేనా?"

"మా బావుదండి. నాను డ్రైవర్ని."

ఆవిడ పాత పాలసీ చూసింది, లావు పుస్తకం తిప్పింది, తెల్లకాగితం మీద రాస్తూ పోయింది. భీముడు కౌంటరు మీదికి వంగాడు.

"అమ్మా, ఆ లెక్కేటో నాకు సెప్తావా? మా బావుకి అప్పజెప్పాల."

పని తక్కువ రోజు. ఆవిడకి విసుగు రాలేదు.

"ఇది మీ బండి దెబ్బతింటే ఇచ్చేదానికి. బండి విలువని బట్టి ఉంటుంది. తొమ్మిదొందలు. పోయిన ఏడాది క్లెయిము లేదని రాశారు కాబట్టి బోనస్సు నూట ఎనభై తగ్గుతుంది. ఏడొందల ఇరవై. ఇది ఎదుటివాళ్ళకి మీ వల్ల దెబ్బ తగిలితే ఇచ్చేది, రెండొందల నలభై. చట్టప్రకారం కట్టి తీరాల్సింది. దీంట్లో బోనస్సు తగ్గింపు ఉండదు. ఆ పైన అదనపు కవర్లు. వరదకి డెబ్భై అయిదు, అల్లర్లూ సమ్మెలకి నలభై అయిదు. వద్దంటే తీసేస్తాం. కావాలంటే కట్టాలి. మొత్తం వెయ్యీ ఎనభై. మీ యజమాని బానే వేసుకొచ్చారే!"

"మరి టాక్సండి?"

"ఏం టాక్సు?"

"దీని మీద టాక్సు."

ఆవిడ నవ్వింది. "ప్రీమియం మీద టాక్సేమిటయ్యా? బండి టాక్సంటే అది రవాణా ఆఫీసులో మూణ్ణెల్లకోసారి కట్టుకునేది. మాకు సంబంధం లేదు. అక్కడ కట్టడానికి మా సర్టిఫికెట్టు చూపించాలి, అంతే."

భీముడు నవ్వలేదు. యాభై రెండు. అంతకుముందటి ఏడాది నలభై. అంతకుముందు ఎంతో. ఏజెన్సీలో ఎన్ని జీపులున్నాయో లెక్కపెట్టుకున్నాడు.

"జీపుకి మూడేళ్ళు క్లెయిము లేకపోతే కూడా బోనస్సు ఇస్తారా అమ్మా?"

"జీపైనా అంతే. క్లెయిము లేని ఏడు గడిస్తే తగ్గుతూ వస్తుంది. ఒకసారి క్లెయిము తీసుకుంటే పోతుంది." ఆవిడ వాంగ్మూలం కాగితం ముందుకు జరిపింది. "పాత కంపెనీ పంపిన రెన్యూవల్ నోటీసుంటే బాగుండేది. అందులో ఉంటుంది బోనస్సు ఉందో లేదో. లేదు కాబట్టి ఈ సంతకం మీద ఇస్తున్నాం. వాళ్ళకి ఉత్తరం రాస్తాంలే, జవాబు వచ్చినప్పుడు వస్తుంది. పోయినేడు ఈ బండికి క్లెయిమేమీ లేదు కదా?"

పోయిన సంక్రాంతి వెళ్ళాక ఘాటు మలుపులో ఆ వ్యాను కల్వర్టు గోడకి కొట్టుకుంది. ముందు భాగమంతా నలిగిపోయింది. తోలింది భీముడే. క్లెయిము ఫారం మీద డ్రైవరుగా సంతకం పెట్టిందీ, సర్వేయరుకి లైసెన్సు చూపించిందీ భీముడే. వరహాలరావు తన కంపెనీ నుంచే మూడువేల నాలుగొందలు తీసుకున్నాడు.

అక్కడైతే బోనస్సు దొరకదు, ఇంకో కంపెనీకి పంపిందందుకే అని భీముడికి ఇప్పుడర్థమైంది.

"ఆ కాయితం మీద సంతకం మా బావుదండి. నాను డ్రైవర్ని" అన్నాడు.

"సరే. ఒకవేళ ఇది అబద్ధమని తేలితే మాత్రం రేపు మీ బండి నలిగినా, గెడ్డలో పోయినా కంపెనీ ఇవ్వనంటుంది. ఎదుటివాళ్ళకి ఇచ్చేది ఇచ్చుకుంటుంది గానీ, సొంత బండికి పైసా రాదు. మీ యజమానికి చెప్పు."

"సెప్తాను. తప్పకండా సెప్తాను."

డబ్బు కట్టి సర్టిఫికెట్టు తీసుకున్నాడు. ఆవిడ లెక్క వేసిన తెల్లకాగితం కూడా అడిగి తీసుకున్నాడు. మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. రెండేళ్ళ తర్వాత మొదటిసారి బజార్లో ఆగి పావలా పెట్టి పకోడీలు కొనుక్కు తిన్నాడు.

మర్నాడు సంత. టీ బడ్డీ ముందు జీపులన్నీ వరసగా ఆగి ఉన్నాయి. వరహాలరావు కుర్చీలో కూర్చుని మంగ్లు అనే జీపు యజమానికి పచ్చ చీటీ రాస్తున్నాడు. మంగ్లు గడువు కూడా ఆ వారమే. పక్కన సుక్రు, ఇంకో ఇద్దరు డ్రైవర్లు బీడీలు కాలుస్తున్నారు.

భీముడు సర్టిఫికెట్టు ఇచ్చాడు. వరహాలరావు చూసి మడత పెట్టుకున్నాడు.

"శభాష్. పదిరూపాయలుంచుకో."

"వొద్దు బావూ. ఒక అనుమానం తీర్చండి సాలు. మంగ్లు సీటీలో టాక్సెంత రాసినారు?"

"నలభై ఎనిమిది. ఏం?"

"తమరి బండికి ఏమీ లేదేటి?"

బీడీలు కాలుస్తున్నవాళ్ళు దగ్గరికి జరిగారు. భీముడు తెల్లకాగితం తీసి చదివాడు. ఒక్కొక్క గీతా వేలుతో చూపిస్తూ, గుమాస్తా చెప్పినట్టే చెప్పాడు. బండి దెబ్బకి ఇంత. క్లెయిము లేకపోతే ఇంత తగ్గుద్ది. ఎదుటోడి కోసం ఇంత. వరదకి వేరే. టాక్సు లేదు.

"నాకు నాలుగేళ్ళు క్లెయిము లేదు" అన్నాడు మంగ్లు మెల్లగా. "తగ్గింపు ఒక్కేడూ రాయలేదే?"

సుక్రు చొక్కా జేబులోంచి తన చీటీ తీశాడు. "నా టాక్సు యాభై అయిదు. మంగ్లుదీ నాదీ ఒకే రకం జీపు, ఒకే ఏడు కొన్నాం. నాది ఎక్కువేటి బావూ? నాను నల్లగున్నాననా?"

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆగలేదు. వరహాలరావు లేచి నిలబడ్డాడు.

"అవి ఆఫీసు కరుసులు! పైన బోలెడు మందికి పెట్టాల. మీకేటి తెలుసు? ఈ డ్రైవరుగుంటడు సెప్తే..."

"ముప్పై నాలుగేళ్ళోణ్ణి, గుంటణ్ణి కాను" అన్నాడు భీముడు. వ్యాను తాళం తీసి టీ గ్లాసుల పక్కన పెట్టాడు. "నీ బండి నాను తోల్ను వరహాలరావూ."

అంతకాలం మర్యాదగా బావూ అన్న నోటి నుంచి పేరు వచ్చేసరికి బడ్డీవాడు కూడా టీ పోయడం ఆపాడు. భీముడు దగ్గరికి జరిగి వరహాలరావు చెవికి మాత్రమే వినపడేలా చెప్పాడు.

"సంక్రాంతికి కల్వర్టు గుద్దిన క్లెయిము మీద డ్రైవరు సంతకం నాది. బోనస్సు కోసం నువ్వు రాసిన అబద్ధం నీ సంతకంతో ఆ ఆఫీసులో ఉంది. నిన్న అడిగినప్పుడు నాను నోరిప్పలేదు. నీ బండికి చిన్న సొట్ట పడినా సాలు, అప్పుడెల్లి ఇప్పుతాను. ఇయ్యాల్టి నించి నీ పాలసీ నా పాలసీ లాంటిదే. డబ్బు కట్టీసినావు, కవరు లేదు."

వరహాలరావు మొహంలో రక్తం దిగిపోవడం భీముడు తీరిగ్గా చూశాడు. దానికోసమే బతికినట్టు చూశాడు.

ఆ మధ్యాహ్నమే వరహాలరావు గూడెంలో భీముడి ఇంటికి వచ్చాడు. నడిచి వచ్చాడు. భీముడి పెళ్ళాం చిట్టెమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. వరహాలరావు మంచం మీద అయిదువేల రూపాయల కట్ట పెట్టాడు.

"బ్యాంకులో నీది నాలుగువేల ఎనిమిదొందలే మిగిలింది. కట్టీసి మిగిలింది నువ్వుంచుకో. నా బండి తోలు. జరిగింది జరిగిపోయింది. బోనస్సు గురించి ఆళ్ళు రాసే ఉత్తరం మా ఆఫీసుకే వస్తాది, అక్కడ మనోడే ఉన్నాడు, జవాబు ఎల్దు. నువ్వు నోరు మూసుకో, అంతే."

చిట్టెమ్మ చేతులు ఆగిపోయాయి. కట్ట వైపు చూసింది. మొగుడి వైపు చూసింది.

"ఆ ఆఫీసుకెల్లి బోనస్సు నాకు రాదు, తప్పు రాసినానని సెప్పి నూట ఎనభై కట్టొచ్చు కద?" అన్నాడు భీముడు.

"కట్టొచ్చు. తప్పు సంతకం పెట్టినానని రాసిస్తే మా కంపెనీ నా ఏజెన్సీ ఉంచుద్దేట్రా?"

"అదే."

"ఏటదే?"

"అదే కావాల నాకు."

వరహాలరావు భీముడి చేతులు పట్టుకున్నాడు. పెళ్ళీడు కొడుకున్నాడన్నాడు. దేవుడన్నాడు. భీముడు ఆ కట్ట తీసి ఆయన జేబులో జాగ్రత్తగా దోపి, దుమ్ము దులిపినట్టు చొక్కా సర్దాడు.

"గెడ్డ దగ్గర నాను కూడా దేవుడన్నాను. ఎల్లిరా."

ఆయన వీధి దాటకముందే చిట్టెమ్మ విరుచుకుపడింది.

"ఏటి సేసినావు నువ్వు? అప్పు తీరీది! మా నాన్న ఇచ్చిన ఆవుని అప్పుకి తోలీసింది ఎవుడు? నా కాళ్ళ కడియాలు అమ్మీసింది ఎవుడు? నీ కోపం పొయ్యిమీద పెట్టి వండమంటావేటి?"

"పుచ్చుకుంటే నాను కూడా ఆడిలా అవుతాను."

"అవ్వు! అయిదువేలకి ఆడిలా అవ్వు! సిగ్గేటి?"

ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. ముందు పెట్టే ముంతని మాత్రం గట్టిగా నేలకేసి పెట్టేది.

వానలు దిగాయి. పాడేరులో ఒక్క డ్రైవరూ వరహాలరావు వ్యాను ఎక్కనన్నాడు. ఎక్కితే మిగతా జీపులవాళ్ళు మాట్లాడరు మరి. ఆయన స్వయంగా ఒకసారి చోడవరం తోలుకెళ్ళాడు. బస్సులు, లారీలు, ఎడ్లబండి కూడా దాటి పోయాయట. మలుపు మలుపుకీ దిగి చూసుకున్నాడట. ఎదురుగా గొర్రెల మంద వస్తే ఇంజను ఆపి రోడ్డు పక్కన నిలబడ్డాడట. తిరిగొచ్చాక వ్యాను మీద టార్పాలిను కప్పించాడు. ఒప్పుకున్న పెళ్ళి బాడుగలు పోయాయి. తిరక్కపోయినా బండి టాక్సు రోజు రానే వచ్చింది, కట్టాడు. మంగ్లు, సుక్రు, మిగతావాళ్ళు ఒక జీపులో అనకాపల్లి వెళ్ళి గంగాభవాని దగ్గరే రెన్యూవల్ చేయించుకున్నారు. తనకి తగ్గిన డబ్బు చూసి మంగ్లు జీపెక్కాక దారిపొడుగునా వరహాలరావుని తిట్టాడట, ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టకుండా.

భీముడు కూలి పనికి వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు చుట్టు దారిలో వచ్చి టార్పాలిను కింద వ్యాను చూసేవాడు. అద్దం మీద నీళ్ళు, చక్రాల కింద బురద. చూసి, తృప్తిగా ఇంటికి పోయేవాడు.

ఆ సంత నాటి నుంచి పంతొమ్మిదో రోజున వరహాలరావు తట్టుకోలేకపోయాడు. అనకాపల్లి వెళ్ళి, ముందు ఏడాది క్లెయిము ఉందని రాసిచ్చి, బోనస్సు నూట ఎనభై తిరిగి కట్టాడు. అక్కడివాళ్ళు డబ్బు తీసుకుని పాలసీకి సవరణ అంటించారు. అంతటితో పోయేదే గానీ, వాళ్ళు పాత కంపెనీకి మామూలుగా ఇంకో ఉత్తరం రాశారు. ఈసారి అది మేనేజరు టేబులు మీదికే వెళ్ళింది. సొంత ఏజెంటు, సొంత ఆఫీసులో తీసుకున్న క్లెయిము దాచి, ఇంకో కంపెనీలో బోనస్సు తిన్నాడు! దాని వెనకే మంగ్లు వాళ్ళ పచ్చ చీటీలు, వేలిముద్రలతో ఒక అర్జీ. నెల తిరక్కుండా ఏజెన్సీ తీసేశారు.

వార్త టీ బడ్డీకి వచ్చిన రోజు భీముడు పరుగులాంటి నడకతో ఇంటికి వెళ్ళాడు.

"తీసీసినారు" అన్నాడు గుమ్మంలోంచే. "ఏజెన్సీ పీకీసినారు. ఇంటిముందు బోర్డు దించీసినాడు."

చిట్టెమ్మ జల్లెడ పక్కన పెట్టింది.

"అయిదువేలూ వస్తాయేటి ఇప్పుడు?"

"రావు."

"బ్యాంకోడు వదిలీస్తాడేటి?"

"వదల్డు."

ఆమె మొగుడి మొహం చాలాసేపు చూసింది. తిట్టబోయి ఆగింది. రెండేళ్ళుగా ఆ మొహంలో లేనిదేదో ఉంది అక్కడ.

"కూసో" అంది. "సోడి అంబలి ఉంది. ఉల్లిపాయ కోస్తాను."

భీముడు ఆ రాగి అంబలి రెండు ముంతలు తాగాడు. మూడోది అడిగాడు.

తర్వాతి సోమవారం మంగ్లు జీపుకి జీతానికి కుదిరాడు. వరహాలరావు ఇచ్చినదానికన్నా నలభై తక్కువ. బ్యాంకు వాయిదా పోగా ఇంటికి చేరేది చిల్లరే. ఇంకో మూడేళ్ళు పడుతుంది అప్పు తీరడానికి. ఆ లెక్క భీముడు వేసుకున్నాడు, దాచుకోలేదు.

మొదటి ట్రిప్పుకి జనాన్ని ఎక్కించుకుని బజారులోంచి వస్తుంటే వరహాలరావు ఇల్లు వచ్చింది. అరుగు మీద ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందు కుర్చీలు లేవు, మనుషులు లేరు. భీముడు గేరు తగ్గించాడు.

"ఏటి, బండి ఆగిపోయిందా?" అన్నాడు పక్కనున్న మంగ్లు. "సంత వేళైపోతంది, బేగి పోనీ."

"పోనిస్తానులే" అన్నాడు భీముడు. అరుగు మీది మనిషి తలెత్తి తనని చూసేదాకా ఆగి, అప్పుడు గేరు మార్చాడు.